ప్రచార వీడియోకి క్యాప్షన్లు, వర్ణన, రంగులు: మీ షాపుకి ఏ దారి సరిపోతుంది?

మా ఎడిటింగ్ గది వైజాగ్ ద్వారకానగర్‌లో రెండో అంతస్తులో ఉంది, కింద అంతస్తులో ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పే మాస్టారికి చూపు లేదు. పోయిన వేసవిలో మేము ఏటికొప్పాక బొమ్మలమ్మే ఒక షాపుకి 45 సెకన్ల వీడియో చేసిచ్చాం, అది నాలుగు గ్రూపులు తిరిగి ఆయన వాట్సాప్‌కి కూడా చేరింది. మెట్ల దగ్గర నా గొంతు వినగానే ఆపారు.

"బాబూ, స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబర్‌కి కాల్ చేయమన్నారు. మనవరాలికి ఒక బొమ్మ కొందామని. ఆ నంబరేదో కాస్త చెప్పు."

"వీడియోలో ఉంది కదా మాస్టారూ," అనబోయి ఆగిపోయాను.

పైకొచ్చి కళ్లు మూసుకుని ఆ వీడియో విన్నాను. సంగీతం, "చూడండి ఎంత బాగున్నాయో", మళ్లీ సంగీతం, "అందుబాటు ధరల్లో", ఆ తర్వాత ఆ నంబర్ మాట. అంతే. షాపు పేరు, ఎక్కడుందో, ధరెంతో, ఏ బొమ్మలున్నాయో, ఒక్కటీ నోటితో చెప్పలేదు, అన్నీ అక్షరాలుగానో బొమ్మలుగానో ఉన్నాయి. ఆ అక్షరాలైనా సరిగ్గా ఉన్నాయా అంటే, తెల్లటి అక్షరాలు లేత రంగు గోడ మీద పడి, బయట ఎండలో ఫోన్ పట్టుకున్నవాడికి చూపున్నా కనపడవు.

ఆ వీడియోని మళ్లీ చేశాం. చేస్తున్నప్పుడు ప్రతి మెట్టులోనూ రెండు మూడు దారులు ఎదురయ్యాయి: క్యాప్షన్లు వీడియోలోనే అంటించాలా, వేరే ఫైల్‌గా ఇవ్వాలా, దృశ్యాల వర్ణన మామూలు వాయిస్‌లో కలపాలా, విడిగా ఇంకో వెర్షన్ చేయాలా, అక్షరాల వెనక నల్ల పట్టీ పెట్టాలా, అంచు గీత చాలా. మీరూ అక్కడే ఆగిపోయి ఉంటే ఇది మీకోసమే.

## ముందు ఈ మూడు సంగతులు తేల్చుకోండి

మొదటిది, జనం ఎక్కడ చూస్తారు. అన్నిటికంటే ఇదే పెద్దది. యూట్యూబ్‌లో చూస్తే వీడియోతో పాటు క్యాప్షన్ ఫైల్ కూడా ఉంటుంది, చూసేవాళ్లు కావాలంటే ఆన్ చేసుకుంటారు. అదే వీడియోని ఎవరో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పంపితే ఆ ఫైల్ అక్కడే ఉండిపోతుంది, దృశ్యంలో అచ్చయిన అక్షరాలు, ఆడియోలో చెప్పిన మాటలు మాత్రమే ప్రయాణం చేస్తాయి. మన దగ్గర చిన్న వ్యాపారాల వీడియోలు ఎక్కువగా తిరిగేది వాట్సాప్‌లోనే కాబట్టి ఈ ఒక్క తేడాతోనే సగం నిర్ణయాలు తేలిపోతాయి.

రెండోది, వీడియో ఇప్పుడు ఏ దశలో ఉంది. షూటింగ్ ఇంకా కాకపోతే వర్ణనకి పైసా అదనపు ఖర్చు లేదు, వాయిస్ స్క్రిప్ట్ మార్చుకుంటే చాలు. అంతా అయిపోయి, సంగీతంతో కలిపిన ఒకే ఫైల్ చేతికొచ్చి, ఎడిటర్ దగ్గర ప్రాజెక్ట్ కూడా లేదంటే ఆ దారి మూసుకుపోయినట్టే, వేరే దారులు చూడాలి.

మూడోది, మాటల మధ్య ఖాళీ ఎంతుంది. నేను తాపీగా చదివితే సెకనుకి సుమారు రెండు తెలుగు మాటలు పడతాయి. అంటే 45 సెకన్లలో గట్టిగా 90 మాటలు, ఊపిరి పీల్చుకునే చోటు, సంగీతం వినిపించే చోటు తీసేస్తే 65, 70. మీ వీడియోలో ఇప్పటికే 80 మాటలుంటే వర్ణన దూర్చడానికి చోటు లేదు, ఏదో ఒకటి తీసేయాలి.

## క్యాప్షన్లు: అంటించడమా, వేరే ఫైలా?

| | వీడియోలోనే అంటించినవి | వేరే ఫైల్‌గా ఇచ్చేవి |
|---|---|---|
| వాట్సాప్ ఫార్వర్డ్ | వెళ్తాయి | పోతాయి |
| షాపులో టీవీ, పెన్‌డ్రైవ్ | కనిపిస్తాయి | టీవీని బట్టి, చాలాసార్లు కనిపించవు |
| చూసేవాళ్లు సైజు పెంచుకోవడం | కుదరదు | కుదురుతుంది |
| రెండు, మూడు భాషలు | ఒక్కోదానికి ఒక్కో వీడియో | ఒకే వీడియోకి ఎన్నైనా |
| తప్పు దొర్లితే | వీడియో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి | ఆ ఫైల్ ఒక్కటే మార్చాలి |
| వేళ్లతో తడిమి చదివే బ్రెయిల్ పరికరం | చదవలేదు | పాఠం విడిగా ఉంటుంది కాబట్టి చదివించే వీలుంది |

పట్టిక చూస్తే వేరే ఫైల్‌దే పైచేయి అనిపిస్తుంది, యూట్యూబ్ ఒక్కటే మీ చోటైతే నిజంగానే అంతే. వైజాగ్‌లో హోటలో, రిసార్టో నడిపేవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది: బీచ్ చూడ్డానికి, అరకు వెళ్లడానికి బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి వచ్చేవాళ్లు ఎందరో, నేవీ కుటుంబాల్లో హిందీ వాళ్లు బోలెడుమంది, ఒక్క వీడియోకే తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా ఫైళ్లు జత చేయొచ్చు.

కానీ బొమ్మల షాపులాంటి వాళ్లకి నా సలహా సూటిగా ఇది: రెండు కాపీలు చేయండి. అక్షరాలు లేని శుభ్రమైన కాపీ యూట్యూబ్‌కి, దానికి వేరే క్యాప్షన్ ఫైల్. అక్షరాలు అంటించిన కాపీ వాట్సాప్‌కి, రీల్స్‌కి, షాపు టీవీకి. క్యాప్షన్లు ఒకసారి రాస్తే రెండిటికీ అవే పనికొస్తాయి, కాబట్టి పని రెండింతలు అవదు. అంటించిన కాపీనే యూట్యూబ్‌లో కూడా పెట్టి, పైన ఇంకో క్యాప్షన్ ఫైల్ వేస్తే అక్షరాల మీద అక్షరాలు పడి ఏదీ చదవలేం, ఆ పని మాత్రం చేయకండి.

మాటలు విని దానంతటదే క్యాప్షన్లు రాసే సౌకర్యం మూడో దారి. చిత్తుప్రతిగా వాడుకోండి, టైమింగ్‌లు పెట్టుకునే శ్రమ తగ్గుతుంది. అలాగే వదిలేయకండి. మాకు "ఏటికొప్పాక" మూడు ముక్కలై వచ్చింది, "లక్క" అన్నచోట "లెక్క" పడింది. తప్పులు ఎక్కువగా దొర్లేది పేర్లు, ఊళ్లు, ధరలు, ఫోన్ నంబర్ దగ్గరే, ప్రచార వీడియోలో ఉండేవీ అవే.

ఫైల్ లోపల ఏముంటుందో ఒకసారి చూపిస్తాను, భయపడాల్సిందేమీ లేదు:

```
1
00:00:00,500 --> 00:00:02,000
[లేత్ తిరుగుతున్న చప్పుడు]

2
00:00:02,200 --> 00:00:04,800
ఏటికొప్పాకలో అంకుడు కర్ర
లేత్ మీద తిరుగుతోంది.
```

వరస సంఖ్య, మొదలయ్యే టైము, ముగిసే టైము, పాఠం. నోట్‌ప్యాడ్‌లో రాసి `bomma.srt` అని సేవ్ చేసేయొచ్చు, కాకపోతే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర `UTF-8` ఉండాలి, `ANSI` అని ఉంటే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది. ఇంకో ఇబ్బంది మన డీటీపీ వాళ్లందరికీ తెలిసిందే: బ్రోచర్ అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటే ఆ మాటల్ని కాపీ చేసి ఇక్కడ అతికించడం కుదరదు, అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చండి, లేదా మళ్లీ టైప్ చేయండి, 70 మాటలకి పది నిమిషాలు పట్టదు.

అదే ఫైల్ నుంచి అంటించిన కాపీ తీయాలంటే, ffmpeg వాడే అలవాటున్నవాళ్లకి ఒక్క లైను:

```
ffmpeg -i bomma.mp4 -vf "subtitles=bomma.srt:force_style='FontName=Noto Sans Telugu,FontSize=20,BorderStyle=3'" -c:a copy bomma_te.mp4
```

చివర్లో ఉన్న `BorderStyle=3` అక్షరాల వెనక నిండు పట్టీ వేస్తుంది, అదెందుకో కిందకొచ్చాక చెప్తాను. మామూలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లు ఒకటి చూసుకోండి: కొన్నిట్లో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకి జారిపోతాయి, "లక్క"లో క ఒత్తు విడిపోయి కనపడితే అదే లోపం.

ఇక రాసే తీరు. ఒకసారికి రెండు లైన్లు మించొద్దు. ఇంగ్లిష్ క్యాప్షన్లకి నిమిషానికి 160 నుంచి 180 మాటలని ఒక లెక్క చెప్తారు, దాన్ని తెలుగుకి తెచ్చుకోకండి, మన మాట ఒక్కోటి వాళ్ల రెండు మూడు మాటలంత పొడుగు. నేను చేసేది సులువు: క్యాప్షన్ తెర మీద ఉన్నంతసేపట్లో దాన్ని పైకి నింపాదిగా చదవగలగాలి, చదవలేకపోతే టైము పెంచాలి, లేదా రెండుగా విరగ్గొట్టాలి. విరిచే చోటు కూడా ముఖ్యమే. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది కదా, "రంగు" ఒక క్యాప్షన్‌లో, "ఎక్కిస్తున్నారు" తర్వాతి దాంట్లో పడితే చదివేవాడు ఏమైందో తెలియక మధ్యలో వేలాడతాడు. కలిసి అర్థమిచ్చే మాటల్ని కలిపే ఉంచండి.

మాటలు కాని చప్పుళ్లు కూడా రాయాలి, కానీ అర్థమున్నవే. లేత్ చప్పుడు రాయాలి, అది పని జరుగుతోందని చెప్తుంది. వెనక సంగీతం ఉందని ఒకసారి రాస్తే చాలు.

రీల్స్‌లో, నిలువు వీడియోల్లో అడుగు భాగాన్ని అకౌంట్ పేరు, వివరణ, కుడి పక్కని లైక్ బటన్లు ఆక్రమిస్తాయి. కింద ఐదో వంతు వదిలేసి దానిపైన క్యాప్షన్ పెట్టండి, లేకపోతే మీరు పడ్డ శ్రమంతా వాటి వెనక దాక్కుంటుంది.

ఒక పరిమితి కూడా ఒప్పుకోవాలి. పుట్టుకతో వినికిడి లేనివాళ్లలో చాలామందికి మొదటి భాష సంజ్ఞా భాషే, తెలుగు రాత వాళ్లకి రెండో భాష. క్యాప్షన్లు పెట్టగానే వాళ్లందరికీ అందినట్టు కాదు. పొట్టి వాక్యాలు, తెలిసిన మాటలు కొంత సాయం చేస్తాయి. పెద్ద బడ్జెట్ వీడియో అయితే సంజ్ఞా భాష చెప్పేవాళ్లని మూల పెట్టెలో చూపించడం గురించి మొదట్లోనే మాట్లాడుకోండి, చేతులు స్పష్టంగా కనపడేంత పెద్దగా ఆ పెట్టె ఉండాలి.

## దృశ్యాల వర్ణన: నాలుగు దారులు

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు, ఎందుకంటే వర్ణన అనగానే ఎవరో విడిగా కూర్చుని "ఇప్పుడు ఒక మనిషి నడుస్తున్నాడు" అని చెప్పడమే అనుకుంటారు. అది ఒక దారి మాత్రమే.

మొదటి దారి, అసలు వాయిస్‌లోనే కలిపేయడం. నాకు అన్నిటికంటే ఇష్టమైంది, ఒక నిమిషం లోపు ప్రచార వీడియోకి దాదాపు ఎప్పుడూ ఇదే సరైనది. బొమ్మల షాపు వీడియోలో ఏం మార్చామో వరసగా చూడండి:

| సెకన్లు | తెర మీద | పాత వాయిస్ | కొత్త వాయిస్ |
|---|---|---|---|
| 0–10 | లేత్, చేతులు, కర్ర మీద పాకుతున్న పసుపు రంగు | సంగీతమే | "ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతోంది. పసుపు రంగు లక్క ఆనించగానే రాపిడి వేడికి కరిగి కర్రంతా పట్టేస్తుంది." |
| 10–15 | మొగలి ఆకుతో రుద్దడం | సంగీతమే | "మొగలి ఆకుతో రుద్దితే ఈ నున్నటి మెరుపు." |
| 15–26 | అరలో బొమ్మలు | "చూడండి ఎంత బాగున్నాయో!" | "జానెడెత్తు గుర్రం, చక్రాల మీద దొర్లే ఏనుగు, బొంగరాలు, బుల్లి వంట సామాను. అంచులన్నీ గుండ్రం, పిల్లలకి గుచ్చుకోవు." |
| 26–31 | ధరల చీటీలు | "అందుబాటు ధరల్లో!" | "నూట ఇరవై రూపాయల నుంచి వెయ్యి దాకా." |
| 31–45 | షాపు బోర్డు, నంబర్ | "స్క్రీన్ మీద కనిపిస్తున్న నంబర్‌కి కాల్ చేయండి" | షాపు పేరు, "ఎంవీపీ కాలనీ, రైతు బజార్ ఎదుటి వరస", ఫోన్ నంబర్ ఒక్కో అంకె |

కొత్త వాయిస్‌లో "చూడండి" అన్న మాటే లేదు. అలాగని ఇది చూపు లేనివాళ్ల కోసం చేసినదని ఎవరికీ అనిపించదు, మామూలు ప్రకటన లాగే ఉంది, పైగా వంటింట్లో పని చేసుకుంటూ ఫోన్ పక్కన పెట్టి వినేవాళ్లకి కూడా సరుకేంటో తెలిసిపోతుంది. "బాగున్నాయి" అన్న ముక్క కంటే "జానెడెత్తు గుర్రం" అన్నది బొమ్మని కళ్ల ముందుకి తెస్తుంది. కొలత, ఆకారం, చేతికి తగిలే తీరు, ఈ మూడు చెప్తే రంగు గురించి ఎక్కువ చెప్పకపోయినా ఫర్వాలేదు.

నంబర్ దగ్గర కాస్త ఆగండి. పది అంకెలు నెమ్మదిగా చదవడానికి ఆరేడు సెకన్లు పడుతుంది, క్లయింట్‌కి ఆ టైము వృథా అనిపిస్తుంది, కొట్టేయమంటారు. కొట్టేయొద్దు. ఇంకేదన్నా కొట్టేయండి.

రెండో దారి, ఖాళీల్లో వర్ణన చెప్పే వేరే వెర్షన్. ఇంటర్వ్యూలున్న వీడియోకి ఇది సరిపోతుంది: ఒక కాలేజీ ప్రచారంలో పాత విద్యార్థులు మాట్లాడతారు, వాళ్ల నోటితో మనం వర్ణన చెప్పించలేం, కాబట్టి మాటల మధ్య దొరికిన రెండు మూడు సెకన్లలో వేరే గొంతు "ల్యాబ్‌లో నలుగురు మైక్రోస్కోప్‌ల ముందు" అని చెప్పి తప్పుకుంటుంది. గొంతు అసలు వక్తకి తేడాగా ఉండాలి, లేకపోతే ఎవరి మాటేదో తెలియదు. వర్ణన వచ్చినచోట సంగీతం బాగా తగ్గించాలి, మాట కంటే వెనక చప్పుడు 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలని వెబ్ ప్రమాణాల్లో అత్యున్నత స్థాయి కొలత, మాట తేటగా వినపడాలంటే అంత తేడా పెట్టుకోండి. ఈ వెర్షన్‌ని విడి వీడియోగా పెట్టి, పేరులోనే "వర్ణనతో" అని రాయండి, మొదటి వీడియో కింద దాని లింక్ ఇవ్వండి.

మూడో దారి, వీడియోని ఆపి వర్ణించడం. దృశ్యం నిలిచిపోతుంది, వర్ణన పూర్తయ్యాక మళ్లీ కదులుతుంది. ప్రచారానికి దాదాపు పనికిరాదు, ఊపు పోతుంది. ఒక్క చోట మాత్రం పనికొస్తుంది, అది రియల్ ఎస్టేట్. మధురవాడ వైపు అపార్ట్‌మెంట్ల నాలుగు నిమిషాల వాక్‌త్రూ వీడియోలు చూసుంటారు, డ్రోన్, ఇంటీరియర్లు, పైన గుక్క తిప్పుకోకుండా మాట్లాడే వాయిస్. ఖాళీయే లేదు. కొనేవాళ్లు లక్షలు పెట్టబోతున్నారు, గది కొలతలు, కిటికీలు ఏ దిక్కుకున్నాయో, లిఫ్ట్ నుంచి గుమ్మానికి మెట్లున్నాయో లేదో తెలుసుకోవాలి, అలాంటివాళ్లు అయిదు నిమిషాలు ఎక్కువైనా ఓపిగ్గా వింటారు.

నాలుగోది, రాతలో వర్ణన. వీడియో కింద వివరణలోనో, వాట్సాప్‌లో వీడియోతో పాటు పంపే మెసేజ్‌లోనో దృశ్యాలు, మాటలు, వివరాలు అన్నీ వరసగా రాసేయడం. వీడియో ఫైల్ అయిపోయి మార్చే వీల్లేనివాళ్లకి మిగిలిన దారి ఇదే, కానీ చిన్నచూపు చూడకండి: ఫోన్లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు బ్రెయిల్ పరికరం మీద చదువుకోగలిగేది ఈ నాలుగు దారుల్లో ఇదొక్కటే, నంబర్ అక్షరాల్లో ఉంటే నొక్కి నేరుగా కాల్ చేయొచ్చు. మెసేజ్‌లో లైనుకో నాలుగు చొప్పున వేలు చూపించే ఎమోజీలు, నిప్పు ఎమోజీలు పెట్టే అలవాటు మానుకోండి, స్క్రీన్ రీడర్ ఒక్కో ఎమోజీ పేరూ చదువుకుంటూ పోతుంది, అసలు సంగతి వచ్చేసరికి వినేవాళ్లకి విసుగొచ్చేస్తుంది. మొదటి దారి ఎంచుకున్నవాళ్లు కూడా ఈ మెసేజ్ జత చేయండి.

## రంగుల తేడా: అంచు గీతా, పట్టీనా, విడి చారా?

అక్షరం రంగుకీ వెనక రంగుకీ వెలుగులో ఎంత తేడా ఉందో చెప్పే కొలత ఒకటుంది, ఒకే రంగైతే 1, తెలుపు నలుపులైతే 21. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి 3 ఉండాలని వెబ్ ప్రమాణం. వీడియో అక్షరాలు పెద్దవే కదా 3 చాలనుకోవద్దు, కంప్యూటర్లో పెద్దగా కనపడ్డ అక్షరం ఫోన్లో గోరంత ఉంటుంది, 4.5 కంటే తగ్గకుండా చూసుకోండి. మనం తరచూ వాడే జతలు కొన్ని లెక్కేసి పెట్టాను:

| అక్షరం | వెనక | తేడా |
|---|---|---|
| ఎరుపు `#FF0000` | ఆకుపచ్చ `#008000` | 1.3 |
| తెలుపు | లేత నీలి ఆకాశం `#87CEEB` | 1.7 |
| తెలుపు | కాషాయం `#FF9933` | 2.1 |
| తెలుపు | తెల్లటి నురగ మీద సగం పారదర్శకమైన నల్ల పట్టీ | 3.9 |
| తెలుపు | ఎరుపు `#FF0000` | 4.0 |
| తెలుపు | తెల్లటి నురగ మీద 75 శాతం నల్ల పట్టీ | 10.4 |
| పసుపు `#FFFF00` | నలుపు | 19.6 |

నురగ ఎందుకు పెట్టానంటే, వైజాగ్‌లో చేసే వీడియోల్లో సగానికి సగం సముద్రం ఉంటుంది. రుషికొండ బీచ్ మీద రిసార్ట్ పేరు తెల్లగా వేస్తారు, నీలి నీళ్ల మీద బాగానే కనిపిస్తుంది, అల విరిగి నురగ ఆ చోటికి రాగానే అక్షరాలు మాయం. కదిలే బొమ్మకి ఒకే వెనక రంగు ఉండదు, కాబట్టి అక్షరం ఉన్నంతసేపట్లో అన్నిటికంటే తెల్లగా ఉన్న ఫ్రేమ్ దగ్గర ఆపి కొలవాలి. సగం పారదర్శకమైన పట్టీ ఎడిటర్లకి అందంగా అనిపిస్తుంది, నురగ మీద అది 3.9 దగ్గరే ఆగిపోయింది, చూడండి. ముప్పావు వంతు నలుపైతే గట్టెక్కుతుంది.

అక్షరం చుట్టూ నల్ల అంచు గీత చాలదా అని అడుగుతారు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకి చాలాసార్లు చాలు. తెలుగుకి నేను వద్దంటాను. మన అక్షరాలన్నీ సున్నాలు, మెలికలు, ప కీ ఫ కీ ష కీ ఘ కీ తేడా చిన్న గీతలోనే, వ కీ ప కీ తేడా పైన తెరిచుందా మూసుందా అన్నదే. మందమైన అంచు గీత ఆ సందుల్ని పూడ్చేస్తుంది, దానికి వాట్సాప్ కంప్రెషన్ తోడైతే మొత్తం ముద్ద. వెనక పట్టీ వేస్తే అక్షరం లోపలి ఖాళీలు అలాగే మిగులుతాయి. కింద ఒత్తులు, పైన గుడులు తగులుకోకుండా రెండు లైన్ల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఎడం ఇవ్వండి, సన్నటి ఫాంట్ కాకుండా కాస్త మందమైనది తీసుకోండి.

వీడియోని కొంచెం చిన్నది చేసి కింద నిండు రంగు చార ఒకటి వదిలి, అక్షరాలన్నీ అందులోనే వేయడం మూడో దారి. రంగుల తేడా ఒక్కసారి కొలిస్తే మొత్తానికి సరిపోతుంది, దృశ్యం మీద ఏదీ పడదు. బంగారం, చీరలు, బొమ్మలు, అంటే సరుకే పూర్తిగా కనపడాల్సిన వీడియోలకి ఇది బాగుంటుంది. మా బొమ్మల షాపుకి ఇదే చేశాం, ముదురు నీలం చార మీద తెలుపు. డ్రోన్ షాట్లకి మాత్రం దృశ్యం చిన్నదైపోతుంది, అక్కడ పట్టీయే మేలు.

రంగుతో మాత్రమే సంగతి చెప్పే అలవాటు కూడా వదలాలి. లేఅవుట్ వీడియోల్లో అమ్ముడైన ప్లాట్లు ఎరుపు, మిగిలినవి ఆకుపచ్చ అని చూపిస్తారు, ఆ రెండు రంగులు ఒకేలా కనిపించే మగవాళ్లు తక్కువేం కాదు. ప్లాట్ మీదే "అమ్ముడైంది" అని రాయండి, లేదా అడ్డగీతలు వేయండి.

## ఎవరికి ఏది

చిన్న షాపు, ఒక నిమిషం లోపు వీడియో, ఎక్కువగా వాట్సాప్: వర్ణన వాయిస్‌లోనే, అంటించిన క్యాప్షన్లు, కింద రంగు చార, తోడుగా మెసేజ్. డబ్బు అదనంగా పెట్టాల్సింది దాదాపు లేదు, స్క్రిప్ట్ మీద ఒక సాయంత్రం కూర్చోవాలి.

రిసార్ట్, హోటల్, టూర్లు: యూట్యూబ్‌లో నాలుగు భాషల ఫైళ్లు, అలల మీద ముప్పావు నలుపు పట్టీ. సముద్రం చప్పుడు ఒకట్రెండు చోట్ల మాట లేకుండా వదలండి, అది వినేవాళ్లకి కూడా దృశ్యమే.

రియల్ ఎస్టేట్: కదిలే వీడియో జనానికి, ఆపి వర్ణించే వెర్షన్ కొనబోయేవాళ్లకి, కొలతలన్నీ రాతలో.

కాలేజీలు, ఆస్పత్రులు: ఖాళీల్లో వర్ణన, మాట్లాడేవాళ్ల పేర్లు క్యాప్షన్‌లో కూడా.

ప్రభుత్వ శాఖలకి వీడియోలు చేసేవాళ్లు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ చదువుకోండి. ఎలక్ట్రానిక్ మీడియాలో ఆడియో వర్ణన, సంజ్ఞా భాష, క్యాప్షన్లు అందేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అందులో ఉంది, కొటేషన్‌లోనే వాటి ఖర్చు చూపించండి.

## పంపే ముందు

కళ్లు మూసుకుని ఒకసారి వినండి, ఏమమ్ముతున్నారు, ఎక్కడ, ఎంతకి, ఎలా పిలవాలి, ఈ నాలుగూ తెలిశాయా చూసుకోండి. సౌండ్ పూర్తిగా తీసేసి ఇంకోసారి చూడండి, అవే నాలుగు ప్రశ్నలు. ఆ తర్వాత వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, వచ్చిన కాపీని మధ్యాహ్నం పన్నెండింటికి బయట ఎండలో, ఫోన్ చేయిచాపినంత దూరంలో పట్టుకుని చదవండి. ఎడిటింగ్ గదిలో చీకట్లో పెద్ద మానిటర్ మీద అన్నీ బాగానే కనిపిస్తాయి, అది పరీక్ష కాదు.

ఇవన్నీ చేశాక కూడా నిజంగా చూపు లేనివాళ్లకి, వినికిడి లేనివాళ్లకి ఒకసారి చూపించండి, వాళ్ల టైముకి డబ్బివ్వండి. కొత్త వీడియో మేము మాస్టారికే మొదట వినిపించాం. మొత్తం విని, గుర్రం జానెడంటే మనవరాలి చేతికి పెద్దదవుతుంది, బొంగరం తీసుకుంటానన్నారు.

"ఆదివారం వెళ్తాను బాబూ, ఆ రోజు ట్యూషన్లు ఉండవు. తెరిచే ఉంటుంది కదా?"

షాపు బోర్డు షాట్‌ని వెనక్కి తిప్పి చూశాను. పేరు కింద చిన్న అక్షరాల్లో "ఆదివారం సెలవు" అని ఉంది. ఆ రెండు మాటలూ ఆ సాయంత్రమే వాయిస్‌లో చేర్చి, ఫైల్ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాం.